ఉద్యోగం రాలేదు, కానీ రిక్రూటర్ సాయం చేశారు: ఆమెకు కృతజ్ఞతలు ఎలా రాయాలి?

మాదాపూర్‌లో ఒక కంపెనీకి కన్సల్టెన్సీ ద్వారా వెళ్లారనుకుందాం. ఉద్యోగం సీనియర్ టెస్టర్. మీకు మాన్యువల్ టెస్టింగ్‌లో నాలుగేళ్ల అనుభవం ఉంది. రెండు రౌండ్లు దాటి మూడోదాంట్లో ఆగిపోయారు. అయితే ఆ కన్సల్టెన్సీ రిక్రూటర్ మీకోసం ఒక ఇంటర్వ్యూ తేదీ మార్పించారు, రౌండుకు ముందు ఫోన్‌లో అరగంట కూర్చోబెట్టి చెప్పారు, రిజెక్ట్ అయ్యాక కారణం కూడా కనుక్కుని చెప్పారు. ఇప్పుడు ఆవిడకు నాలుగు మాటలు రాయాలి.

ముందు, ఆవిడ చేసిన పనుల్లో ఒక్కటి ఎంచుకోండి, మహా అయితే రెండు. ఒకేసారి చాలా పోస్టులు, పదుల కొద్దీ ప్రొఫైళ్లు చూసే మనిషికి “మీరు చేసిన సహాయం” అంటే ఏదో గుర్తురాదు. ఎంచుకోవడానికి ఒక కొలత ఉంది: ఆ పని జరగకపోతే మీకు ఏం పోయేది? తేదీ మారకపోతే రెండో రౌండుకే వెళ్లేవారు కాదు. రాయాల్సింది అదే. “ఎప్పుడు ఫోన్ చేసినా ఓపిగ్గా మాట్లాడారు” అన్నది నిజమే కావచ్చు గానీ, అది ఎవరికైనా రాసే మాట.

తర్వాత ఎక్కడ రాయాలో చూసుకోండి. “మీరు ఎంపిక కాలేదు” అన్న మెయిల్ చాలాసార్లు no-reply అడ్రస్ నుంచి వస్తుంది. దానికి జవాబిస్తే ఎవరూ చదవరు. ఇంటర్వ్యూ షెడ్యూల్ పంపినప్పుడు ఆవిడే రాసిన మెయిల్ వెతికి, దానికే జవాబివ్వండి. సబ్జెక్ట్ మార్చకండి. ఏ పోస్టు, ఏ అభ్యర్థి అన్నది ఆ గొలుసులోనే ఉంటుంది కాబట్టి ఆవిడ వెతుక్కోనక్కర్లేదు. మొదటి నుంచీ వాట్సాప్‌లోనే మాట్లాడుకుని ఉంటే వాట్సాప్‌లోనే పంపండి. ఫలితం తెలిసిన ఒకటి రెండు రోజుల్లో, ఆఫీసు వేళల్లో పంపితే చాలు. ఫలితం ఇంకా తేలకముందే పంపితే అది ఫలితం గురించి ఆరా తీసినట్టు ఉంటుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. షెడ్యూల్ మెయిల్‌లో Cc దగ్గర కంపెనీ హెచ్‌ఆర్, ఒక్కోసారి ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ కూడా ఉంటారు. Reply all నొక్కితే మీ ధన్యవాదాలు వాళ్లందరికీ వెళ్తాయి. రిక్రూటర్ చేసే సాయంలో సగం నోటిమాటగా చేసేదే. ప్యానెల్‌లో ఎవరు ఏమన్నారో, జీతం ఎంతవరకు వెళ్తారో, ఏ అంశం మీద గట్టిగా అడుగుతారో ఆవిడ మీకు చనువుతో చెప్పి ఉంటారు. “ఏ ప్రశ్నలు వస్తాయో ముందే చెప్పినందుకు థాంక్స్” అని రాతలో పెడితే, మేలు చేసిన మనిషే కంపెనీకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. కాబట్టి To లో ఆవిడ ఒక్కరే ఉండేలా చూసి, మిగతా అడ్రస్‌లు తీసేయండి. అప్పుడు కూడా “ప్రశ్నలు” అనకుండా “రౌండుకు ముందు మీరిచ్చిన సూచనలు” అనండి. ఫలానా మేనేజర్ ఇలా అన్నారట అని అస్సలు రాయకండి. మెయిల్‌ను ఎవరైనా ముందుకు పంపొచ్చు.

ఇక రాతలోకి వద్దాం. చాలామంది మొదట రాసేది ఇలా ఉంటుంది:

“గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారములు. మీరు చేసిన సహాయానికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఉద్యోగం రాకపోవడం నా దురదృష్టం. వీలైతే వాళ్లతో మరోసారి మాట్లాడగలరు. వేరే అవకాశాలుంటే తప్పక గుర్తుంచుకోగలరు.”

ఇందులో ఆవిడ చేసిన పని ఒక్కటీ లేదు. “మరోసారి మాట్లాడగలరు” అనడంతో ఇది కృతజ్ఞత కాస్తా అర్జీ అయిపోయింది. ప్యానెల్ కాదన్నాక తిరగదోడే అధికారం కన్సల్టెన్సీ రిక్రూటర్‌కు ఉండదు. “కుదరదు” అని ఆవిడ జవాబు రాయాల్సి రావడం తప్ప ఫలితం లేదు. దురదృష్టం అన్న మాట చదివితే ఓదార్చాల్సిన బాధ్యత ఆవిడ మీద పడుతుంది. అదే విషయం ఇలా రాయొచ్చు:

“నమస్తే మేడమ్. సీనియర్ టెస్టర్ పోస్టుకు మీ ద్వారా వచ్చి, మంగళవారం మూడో రౌండు పూర్తి చేశాను. ఎంపిక కాలేదని నిన్న మీరు చెప్పారు. అమ్మ ఆపరేషన్ రోజే రెండో రౌండు పడితే, మీరు మాట్లాడి రెండు రోజులు వాయిదా వేయించారు. లేకపోతే ఆ రౌండుకే వచ్చేవాణ్ని కాదు. ఏపీఐ ఆటోమేషన్‌లో అనుభవం చాలలేదని దాచకుండా చెప్పారు. ఈ వారమే పోస్ట్‌మన్ టూల్‌తో నేర్చుకోవడం మొదలుపెట్టాను. రెండింటికీ ధన్యవాదాలండి. నా నోటీస్ పీరియడ్ అదే, 60 రోజులు.”

ఇంతే. ఫోన్ తెరమీద ఒక్క చూపులో అయిపోవాలి. ఏ పోస్టో, ఏ రౌండో మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. కాదన్న సంగతి ఒక్క వాక్యంలో ముగిసింది. పోస్ట్‌మన్ గురించి రాసింది నిజంగా మొదలుపెట్టి ఉంటేనే ఉంచండి. తర్వాత ఫోన్‌లో మొదట అడిగేది దాని గురించే. ఆవిడతో తెలుగులో మాట్లాడి ఉంటే తెలుగులోనే రాయండి, ఇంగ్లీషులో అయితే ఇదే వరస సరిపోతుంది.

చివర నోటీస్ పీరియడ్ ఎందుకంటే, మన దగ్గర 60, 90 రోజుల నోటీసు మామూలు. ఆ వ్యవధిలో ఎంపికైన మనిషి ఇంకో ఆఫర్ పట్టుకుని చేరకపోవడం కూడా మామూలే. అప్పుడు పోస్టు మళ్లీ తెరుచుకుంటుంది, రిక్రూటర్ పాత జాబితా తీస్తారు. మీరు ఎన్నాళ్లలో చేరగలరో ఆవిడ చేతిలో ఉంటే చాలు. “ఆయన చేరకపోతే నన్ను పిలవండి” అని మాత్రం రాయకండి.

రెజ్యూమె మళ్లీ జతచేయొద్దు, ఆవిడ దగ్గర ఉంది. స్వీట్ల డబ్బా, గిఫ్ట్ కార్డు పంపొద్దు. చాలా సంస్థల్లో అభ్యర్థుల నుంచి ఏదీ తీసుకోకూడదన్న నియమం ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో నలుగురికీ తెలిసేలా పొగడాలనిపిస్తే ముందు అడగండి, కంపెనీ పేరు మాత్రం అందులో పెట్టకండి. ఏ కంపెనీకి మనుషుల్ని వెతుకుతున్నారో బయటపడడం కన్సల్టెన్సీలకు ఇష్టముండదు.

ఇంకొకటి జాగ్రత్త. ధన్యవాదాలు చెప్పిన వారంలోనే అదే కంపెనీకి నేరుగా అప్లై చేయకండి. కన్సల్టెన్సీ పంపిన ప్రొఫైల్ కొన్ని నెలలపాటు వాళ్ల లెక్కలోనే ఉండేలా చాలా ఒప్పందాలు ఉంటాయి. మీ పేరు రెండు దారుల్లో కనిపిస్తే ఆ గొడవ ఎందుకని కంపెనీ మిమ్మల్నే పక్కన పెట్టొచ్చు. మళ్లీ ఎప్పుడు ప్రయత్నించవచ్చో ఆవిడనే తర్వాత ఫోన్‌లో అడగండి.

జవాబు రాకపోతే “చూశారా మేడమ్?” అని ఇంకో మెసేజ్ పెట్టొద్దు. రెండు నీలి గీతలు కనిపిస్తే చాలు. మళ్లీ రాయాల్సింది మీ సంగతి మారినప్పుడే. వేరేచోట చేరితే ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పండి. ఆవిడ మీ పేరు జాబితాలోంచి తీసేసుకుంటారు, కొత్త పోస్టు వచ్చినప్పుడు మీకు వృథాగా ఫోన్ చేయరు.