ఫిల్టర్ కార్ట్రిడ్జ్ ఎప్పుడు మార్చాలో రెండు గేజీలు చెబుతాయి

గోదావరికి ఎర్రనీరు వచ్చే జూలై, ఆగస్టుల్లో కాలువ నీళ్లు వాడేవాళ్లు కార్ట్రిడ్జ్‌ని నెలల లెక్కన మార్చకండి. వేసవిలో నెలల తరబడి నడిచేది, వరదలో వారానికే పూడిపోవచ్చు. ఫిల్టర్ హౌసింగ్‌కి ముందొకటి, తర్వాతొకటి ప్రెజర్ గేజ్ పెట్టించండి.

కొత్త కార్ట్రిడ్జ్ వేసిన రోజే, మోటారు ఆన్‌లో ఉండి నీళ్లు పారుతుండగా రెండూ చూసి హౌసింగ్ మీద రాసిపెట్టండి. ముందు గేజ్‌లో ప్రెజర్ 2 కేజీలు, తర్వాతి గేజ్‌లో 1.8 అనుకుందాం, తేడా 0.2. బురద పట్టేకొద్దీ ముందు ముల్లు పైకి, తర్వాతి ముల్లు కిందికి జరుగుతాయి. 2.3, 1.5 అయ్యాయంటే తేడా 0.8. మామూలు అవక్షేప కార్ట్రిడ్జ్‌కి నేనైతే అక్కడే మార్చేస్తాను. మీ కంపెనీ ఇచ్చిన పరిమితి ఉంటే అదే పాటించండి.

కుళాయి కట్టేసి చూస్తే ఎంత పూడిన ఫిల్టర్‌కైనా రెండు గేజీలూ ఒకటే చూపిస్తాయి. అందుకే ప్రతిసారీ అదే వాల్వు, అంతే తెరిచి చూడాలి.

పెరుగుతూ వచ్చిన తేడా ఒక్కసారిగా పడిపోతే సంతోషించకండి. కార్ట్రిడ్జ్ చిరిగో, సీటు నుంచి జరిగో బురదనీరు పక్కనుంచి పోతోందేమో, వెంటనే విప్పి చూడండి.