ఒకే కేటగిరీ: ఒకరికి సముద్రం, ఇంకొకరికి కొబ్బరాకులు

సమస్య

సముద్రం ఒడ్డున ఒక హోటల్లో "డీలక్స్ సీ వ్యూ" అనే కేటగిరీ కింద 9 గదులున్నాయి. రివ్యూల్లో కొందరు బాల్కనీ అద్భుతం అంటే, కొందరు మోసం అంటున్నారు. రిసెప్షన్‌లో గది మార్చమని అడిగేవాళ్లంతా దాదాపు అవే రెండు మూడు గదులవాళ్లు.

కారణం

వివరణ రాసినవాళ్లు ఆ తొమ్మిదింటిలో మంచి గదిని చూసి రాశారు. ఆన్‌లైన్‌లో అతిథి కొనేది కేటగిరీని. ఏ నంబరు గది దొరుకుతుందో అతనికి తెలియదు. అందుకే రాసిన ప్రతి మాటా అన్నింటికన్నా బలహీనమైన గదికి కూడా నిజం కావాలి.

పరిష్కారం

టేపు పట్టుకుని ప్రతి గదికీ వెళ్లండి. ఇలాంటి లెక్క ఒకటి చూద్దాం. లిస్టింగ్‌లో 200 చదరపు అడుగులని ఉంది. కొలిస్తే గది 10×13, అంటే 130. బాత్‌రూమ్ 40, బాల్కనీ 30. మొత్తం 200 సరిపోయింది, కానీ అతిథి మనసులో 200 అంటే మంచం ఉన్న గదే. 6 అడుగుల వెడల్పు మంచం వేస్తే రెండు పక్కలా రెండేసి అడుగులే మిగులుతాయి. కాబట్టి ఇలా రాయాలి: "గది 130 చదరపు అడుగులు, బాత్‌రూమ్, బాల్కనీ విడిగా. అదనపు మంచం పట్టదు."

వ్యూని బాల్కనీ అంచు నుంచి వంగి చూడకండి. మంచం మీద కూర్చుని, తర్వాత కిటికీ దగ్గర నిలబడి చూడండి. ఆ తొమ్మిదింటిలో మొదటి అంతస్తు గదులు మూడింటికి కొబ్బరిచెట్లు అడ్డం వస్తే, వాటిని విడదీసి "తోట వైపు గది, చెట్ల సందుల్లోంచి కొంచెం సముద్రం" అనే వేరే కేటగిరీ పెట్టండి. ధర తగ్గించాల్సి వస్తుంది, తగ్గించండి. చెట్లు పెరుగుతాయి, ఎదురుగా మేడలు లేస్తాయి కనుక ఏడాదికోసారి మళ్లీ చూడాలి.

విడదీసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. పాత కేటగిరీలో గదుల సంఖ్యను 9 నుంచి 6కి తగ్గించకుండా కొత్తదానికి 3 ఇస్తే, ఉన్న తొమ్మిది గదులకు పన్నెండు అమ్ముడవుతాయి. బుకింగ్ సైట్లన్నింటికీ గదుల లెక్క ఒకేసారి పంపే సాఫ్ట్‌వేర్, అంటే చానల్ మేనేజర్, వాడుతుంటే అందులో మ్యాపింగ్ కూడా, అంటే మీ ఏ కేటగిరీ సైట్‌లోని ఏ కేటగిరీకి కలిసి ఉందో, సరిచూడండి. ఇప్పటికే "సీ వ్యూ" అని బుక్ చేసుకున్నవాళ్లకు ఆ ఆరింటిలోనే ఇవ్వాలి.

శబ్దం విషయంలో "ప్రశాంతమైన గది" అన్న మాట నేనైతే రాయను. శనివారం రాత్రి స్టాఫ్‌లో ఒకరిని ఆ గదిలో, కిటికీ మూసి, ఏసీ ఆపి పడుకోమనండి. విన్నది ఏమిటో, ఎప్పటిదాకానో రాయండి: "రోడ్డు వైపు గది. రాత్రి 11 దాకా వాహనాల శబ్దం, కిటికీ మూసినా కొంత వినిపిస్తుంది. కరెంటు పోతే జనరేటర్ మోత ఉంటుంది." ఆ మాట చదివి బుక్ చేసుకున్నవాళ్లు ఇయర్‌ప్లగ్స్ తెచ్చుకుంటారు. చంటిపిల్లలున్నవాళ్లు వెనకవైపు గది ఎంచుకుంటారు.

చివరగా ఫొటోలు. కొత్త కేటగిరీ కింద పాత బాల్కనీ ఫొటో మిగిలిపోతే, కింద ఎంత నిజం రాసినా ఎవరూ చదవరు.