పాత నిక్కోర్ లెన్స్ ఫొటోలు చూసి కొనాలా వద్దా: సమస్య – పరిష్కారం

హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది దగ్గర నికాన్ డీ750 కెమెరా ఉంది. నికాన్ వాళ్లే నిక్కోర్ పేరుతో చేసిన పాత 50 ఎంఎం మాన్యువల్ లెన్స్ కొనాలని చాలా రోజులుగా వెతుకుతున్నాడు. మొన్న ఒక ప్రకటనలోని ఆరు ఫొటోలు పంపి, "బావా, దీన్ని తీసుకోనా?" అని అడిగాడు. "నిక్కోర్ 50 ఎంఎం, ఎఫ్/1.4, ఏ-ఐ రకం, మల్టీకోటెడ్, కొత్తదానిలా ఉంది" అని అమ్మేవాళ్లు రాశారు. ఫొటోలు జాగ్రత్తగా చూస్తే అందులో సగం మాటలు నిలబడలేదు. ఏ గుర్తు చూసి ఏం తెలుసుకున్నామో వరసగా చెబుతాను.

మౌంట్ దగ్గర మెరిసే తెల్లటి గీత

ముందు మౌంట్, అంటే లెన్స్ కెమెరాకు బిగుసుకునే లోహపు భాగం, అరుగుదల సంగతి. క్రోమ్ పూత పోయి కింద ఇత్తడి పసుపుగా కనిపిస్తే భయపడక్కర్లేదు. లెన్స్‌ను ఎన్నోసార్లు బిగించి తీశారని మాత్రమే అర్థం. కానీ స్క్రూల తలలు చెదిరి, గాడి అంచులు పైకి లేచి ఉంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా విప్పారని లెక్క. ఈ లెన్స్‌లో మూడు స్క్రూలు అలాగే ఉన్నాయి.

అంతకన్నా ముఖ్యమైనది మౌంట్ చుట్టూ ఉండే అపర్చర్ రింగు, అంటే ఎఫ్ అంకెలు మార్చే రింగు, వెనక అంచు. నికాన్ 1977లో ఏ-ఐ, అంటే ఆటోమేటిక్ ఇండెక్సింగ్, పద్ధతి తెచ్చింది. అంతకుముందు లెన్స్‌లలో ఈ అంచు చుట్టూ నిండుగా ఉంటుంది. ఏ-ఐ లెన్స్‌లో కొంత భాగం లోపలికి కోసి ఉంటుంది. డీ750 లాంటి కెమెరాల్లో మౌంట్ పక్కన, ఆ రింగు ఏ అంకె దగ్గర ఉందో కెమెరాకు తెలిపే ఒక చిన్న మీట ఉంటుంది. నిండు అంచు ఉన్న లెన్స్‌ను బలవంతంగా తిప్పితే ఆ మీట విరగవచ్చు. అందుకే ఈ ఒక్క విషయం తేలకుండా డబ్బు పంపొద్దని నేను గట్టిగా చెబుతాను.

పై నుంచి తీసిన ఫొటోలో కూడా ఇది తెలుస్తుంది. అపర్చర్ రింగు మీద నిలబడి ఉండే రెండు చెవుల్లాంటి లోహపు ముక్కను చూడండి. అందులో రంధ్రాలు లేకపోతే అది పాత రకం. ఏ-ఐ లెన్స్‌కు రంధ్రాలుంటాయి, రింగు మీద పెద్ద అంకెల వెనక చిన్న అంకెల రెండో వరుస కూడా ఉంటుంది. ఈ లెన్స్‌కు రంధ్రాలూ లేవు, రెండో వరుసా లేదు. కానీ వెనక అంచులో కొంత మేర నలుపు పోయి తెల్లటి లోహం మెరుస్తోంది. అంటే పాత లెన్స్‌ను ఇంట్లోనో చిన్న షాపులోనో ఆకురాయితో రాసి ఏ-ఐగా మార్చారు.

ఇది తప్పేమీ కాదు, చాలామంది చేయించుకుంటారు. అయితే కోత మొదలయ్యే చోటు తప్పితే కెమెరా మీటర్ ఎక్స్‌పోజర్‌ను తప్పుగా చూపిస్తుంది. లోహపు పొడి లోపల మిగిలిపోయి ఉండొచ్చు. వెనక భాగాన్ని పక్కకు వాల్చి దగ్గరగా ఇంకో ఫొటో తీయమని అడగండి. అంచు గరుకుగా, వంకరగా ఉంటే ధర తగ్గించాల్సిందే.

ముందు రింగు మీద రాత, సీరియల్ నంబర్

ముందు రింగు మీద "నిక్కోర్-ఎస్ ఆటో", "నిప్పన్ కొగాకు జపాన్" అని ఉంది, పక్కనే సీరియల్ నంబర్. "ఎస్" అంటే ఏడు గాజు ముక్కలున్న నిర్మాణం. గాజు మీద పలు పొరల కోటింగ్ ఉన్న మల్టీకోటెడ్ రకం అయితే దాని పక్కన "సి" అనే అక్షరం కూడా ఉండేది. ప్రకటనలో మల్టీకోటెడ్ అన్నారు, రింగు మీద సి లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆ రింగును మర తిప్పినట్టు తిప్పితే ఊడి వచ్చేస్తుంది. ముందు భాగం దెబ్బతిన్న లెన్స్‌కు వేరే లెన్స్ రింగు బిగించడం కష్టమేమీ కాదు. అందువల్ల సీరియల్ నంబర్‌ను ఒక్కదాన్నే నమ్మకూడదు, మిగతా ఒళ్లంతా దానికి పొత్తు కుదరాలి. ఉదాహరణకు నిక్కోర్-ఎస్‌కు ఫోకస్ రింగు గాడులు తీసిన లోహంతో ఉంటుంది. ముందు "ఎస్" అని ఉండి ఫోకస్ రింగుకు నల్ల రబ్బరు పట్టు ఉంటే రెండు లెన్స్‌లు కలిశాయని అనుమానించాలి. మా లెన్స్‌లో లోహమే ఉంది, కాబట్టి పొత్తు కుదిరింది. చెక్కిన అంకె పక్క వెలుతురులో సన్నటి నీడ పట్టుకుంటుంది. నీడ లేకుండా పైపైన అచ్చు వేసినట్టు కనిపిస్తే మళ్లీ అడగండి.

గాజులో ప్రతిఫలించే రంగులు

కిటికీ లేదా ట్యూబ్‌లైట్ వెలుతురులో గాజును కొంచెం వాలుగా ఫొటో తీస్తే దీపం బొమ్మలు చాలా కనిపిస్తాయి. ఒక్కో గాజు ఉపరితలం ఒక్కో బొమ్మ ఇస్తుంది. ఒకే పొర కోటింగ్ ఉన్న పాత గాజులో అవి తేనెరంగు, లేత నీలం రంగుల్లో వస్తాయి. మల్టీకోటింగ్‌లో ఆకుపచ్చ, ఊదా కలిసి, మొత్తం మీద మసకగా ఉంటాయి. ఈ లెన్స్‌లో తేనెరంగు, నీలమే కనిపించాయి. రింగు చెప్పిందీ అదే.

ఫోన్ కెమెరా రంగులను మార్చేస్తుంది కాబట్టి లెన్స్ పక్కన తెల్ల కాగితం పెట్టి తీయమనాలి. కాగితం పసుపుగా వస్తే తేనెరంగు మీద తీర్పు చెప్పకూడదు. ఆ ఫొటోలో ఒక బొమ్మ మాత్రమే రంగు లేకుండా, మామూలు అద్దంలో లాగా తెల్లగా మెరిస్తే ఆ ఉపరితలం కోటింగ్ రాసుకుపోయి ఉండొచ్చు. ఎదురు వెలుతురులో తీసే ఫొటోలు తెల్లబారతాయి. దీన్ని బాగుచేయించడం లెన్స్ ధరకు తగదు, తగ్గింపు అడగడమే దారి. గాజు అంచు దగ్గర ఇంద్రధనుస్సు లాంటి వలయాలుంటే అతికిన రెండు గాజులు విడిపోతున్నాయని అర్థం. అలాంటిది నేనైతే తీసుకోను.

విశాఖ లాంటి తేమ ఊళ్లలో వాడిన లెన్స్ అయితే వెనక నుంచి టార్చ్ వేసి తీసిన ఫొటో కూడా తప్పక అడగాలి. సాలెగూడు లాంటి సన్నటి కొమ్మలు కనిపిస్తే ఫంగస్. శుభ్రం చేయించినా కోటింగ్‌లో మచ్చ మిగలవచ్చు.

ఫోకస్ రింగు అనంతం గుర్తుకు చేరకపోవడం

మా కథ ఇక్కడే తేలింది. రింగును చివరికంటా తిప్పిన ఫొటోలో, చాలా దూరపు వస్తువులకు ఫోకస్ చూపే అనంతం గుర్తు మధ్య గీతకు సుమారు 2 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగిపోయింది. ఫోకస్ రింగు చిన్న స్క్రూల చుట్టూ రంగు లేచిపోయి ఉంది. మౌంట్ స్క్రూల తలలు చెదిరిన సంగతి ఇప్పుడు గుర్తు చేసుకోండి. లెన్స్‌ను విప్పి గ్రీజు మార్చి, మళ్లీ బిగించేటప్పుడు రింగును సరైన చోట కూర్చోబెట్టలేదన్నమాట. లోపలి మరను తప్పు గాడిలో ఎక్కించినా ఇలాగే అవుతుంది.

గుర్తు కదిలినంత మాత్రాన ఫోకస్ తప్పిందని చెప్పలేం. అంకెల రింగు ఒక్కటే పక్కకు జరిగి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే దూరంగా ఉన్న భవనాన్ని ఎఫ్/1.4 వద్ద తీసిన ఫొటో కావాలి. మాకు మొదట ఎఫ్/8 వద్ద తీసింది పంపారు, అంతా బాగానే ఉంది. కానీ ఎఫ్/8లో ఫోకస్ లోతు ఎక్కువ కాబట్టి చిన్న తేడా దాగిపోతుంది. ఈ లెన్స్ ఎఫ్/1.4 వద్ద ఎలాగూ కొంచెం మెత్తగానే ఉంటుంది, కాబట్టి ఒక్క ఫొటో కూడా సరిపోదు. లైవ్ వ్యూలో బొమ్మను పెద్దది చేసి, దగ్గర నుంచి అనంతం వైపు నెమ్మదిగా తిప్పుతూ వీడియో తీయమన్నాం. చివరికి చేరకముందే భవనం స్పష్టమై తర్వాత మసకబారితే పరవాలేదు, వాడుకోవచ్చు. చివరి వరకు స్పష్టత పెరుగుతూనే ఉండి అక్కడ రింగు ఆగిపోతే లెన్స్ అనంతానికి చేరడం లేదు.

వీడియోలో రెండోదే జరిగింది. దీన్ని అనుభవం ఉన్న మెకానిక్ సరిచేయగలడు. రింగు స్క్రూలు వదులు చేసి, దూరపు వస్తువుపై ఫోకస్ సరిచూసి మళ్లీ బిగిస్తాడు. మర గాడి తప్పి ఉంటే మాత్రం మొత్తం విప్పాలి. మా బావమరిది తనకు తెలిసిన మెకానిక్‌కు ఫొటోలు, వీడియో చూపించి ఖర్చు ఎంతవుతుందో కనుక్కున్నాడు. ఆ మొత్తాన్ని, కోటింగ్ ఒకే పొర కాబట్టి మరికొంత తగ్గించి ధర చెప్పాడు. అమ్మేవాళ్లు ఇంకా జవాబివ్వలేదు.