జుట్టు ఫ్రిజీగా ఉందనుకున్నాను, తీరా చూస్తే తెగుతోంది

నడినెత్తి మీద పొట్టి వెంట్రుకలు లేచి నిలబడుతుంటే, జుట్టు పొడిబారి చింపిరిగా లేచే ఫ్రిజ్ అనుకుని ఏడాదిపాటు సీరమ్ రాశాను, ఏమీ తగ్గలేదు. చివరికి కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఆరిన జుట్టును తెల్ల కాగితం మీద పరిచి దగ్గరగా ఫొటో తీసి జూమ్ చేసి చూశాను. ఫ్లాష్ మాత్రం వేయకండి, ఆ మెరుపే చుక్కల్లా కనిపించి మోసం చేస్తుంది.

కొత్తగా మొలిచిన వెంట్రుక కొస సూదిలా సన్నబడి ఉంటుంది. నావి కత్తిరించినట్టు మొద్దుగా ఉన్నాయి. పొడవు వెంట్రుకల మధ్యలో తెల్లటి చుక్కలు కూడా కనిపించాయి. చుక్క ఉన్నచోట పైపొర చిట్లి లోపలి పోగులు విడిపోయి ఉంటాయి, కాస్త లాగితే అక్కడే తెగుతుంది. ఆ చుక్కలన్నీ దాదాపు ఒకే ఎత్తులో, సరిగ్గా నేను రబ్బరు బ్యాండ్ బిగించే చోటే ఉన్నాయి! తలస్నానం కాగానే తడిజుట్టును లాగి కట్టేసే అలవాటు నాది.

అది మానేశాను. ఇప్పుడు పూర్తిగా ఆరాకే, గుడ్డ బ్యాండ్‌తో వదులుగా కడుతున్నాను. చీలిన కొసలు ఏం రాసినా మళ్లీ అతుక్కోవు కాబట్టి చీలికకు కాస్త పైకే కత్తిరించేశాను. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది, అందుకే నెలకోసారి అదే కిటికీ దగ్గర ఫొటో తీసి పోల్చుకున్నాను. నాలుగో నెల ఫొటోలో కొత్త చుక్కలు లేవు.