వెబినార్ ట్రాన్స్‌క్రిప్ట్‌ను తోటి ఉద్యోగి కోసం కుదించే ముందు జాగ్రత్తలు

పత్తి కొనుగోళ్ల మీద గంటన్నర వెబినార్ అయింది, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పత్తి తేమ చూసే అతనికి అతని పనికి పనికొచ్చేంత వరకే రాసివ్వాలి అనుకుందాం.

• ముందు అతన్నే అడగండి: "దీంతో రేపు నువ్వు ఏం నిర్ణయించాలె?" ఇక్కడ జవాబు ఒక్కటే, ఏ బండిని ఆపాలి, దేన్ని పంపాలి. చెల్లింపులు, రవాణా అతనికి అక్కర్లేదు.

• "తేమ" అని ఒక్క మాటే వెతికితే సగం దొరకదు. మాట్లాడేవాళ్లు మాయిశ్చర్, తడి, పచ్చి పత్తి అని కూడా అంటారు. అన్నీ వెతకండి.

• ఆటోమేటిక్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో అంకెల్ని నమ్మొద్దు. ఇరవై, అరవై తారుమారవుతాయి. అంతకన్నా ప్రమాదం "కొనొచ్చు", "కొనొద్దు": ఒక్క అక్షరంతో అర్థం తలకిందులు. ఇలాంటి ప్రతి చోటా ఆడియో పది సెకన్లు ముందు నుంచి వినండి.

• షరతును వదిలేసి అంకెను మాత్రమే రాయొద్దు. "12 శాతం తేమ వరకు కొంటారు" అన్నది నిజమే, కానీ మద్దతు ధర పూర్తిగా దక్కేది 8 శాతం వరకే. ఆ పైన ధర తగ్గుతుంది, 12 దాటితే పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. సగమే రాస్తే రైతుతో గొడవ పడేది అతనే.

• చివరి ప్రశ్నోత్తరాలు తప్పక చదవండి. స్లైడ్‌లో చెప్పింది అక్కడే సవరిస్తుంటారు. ఏది ఎవరు చెప్పారో కూడా రాయండి, ఎందుకంటే శ్రోత అభిప్రాయం నియమం కాదు.

• ప్రతి అంశం పక్కన నిమిషం వేయండి. రికార్డింగ్ మొదట్లో కత్తిరించి ఉంటే టైముల్లో తేడా వస్తుంది, ఒక చోట సరిచూసుకోండి.