సింహళం నేర్చుకుందాం – 7: ఆతిథ్యం ఇచ్చిన ఇంటికి కృతజ్ఞతలు

పోయిన పాఠంలో సెలవు తీసుకుంటూ చెప్పే ‘గిహిన్ ఎన్నం’ దాకా వచ్చాం. మన ‘వెళ్ళొస్తాం’ లాంటిదే కాబట్టి అది వెంటనే పట్టుబడుతుంది. ఈసారి మీరు క్యాండీలో ఒక సింహళ బౌద్ధ కుటుంబం ఇంట్లో కొన్నాళ్ళు ఉండి, తిరిగి ఇల్లు చేరారనుకుందాం. ఆ ఇంటి పెద్దవాళ్ళకు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపాలి. రాసే సింహళానికీ మాట్లాడే సింహళానికీ తేడా చాలా ఎక్కువ. మనకు కావాల్సింది మాట్లాడేదే.

ముందు పిలుపు సంగతి. ‘మీరు’ అనడానికి ఏ మాట వాడాలా అని టెన్షన్ పడతాం. పుస్తకాల్లో కనిపించే ‘ఒబ’ ఇంట్లోవాళ్ళతో వాడితే ప్రకటన చదివినట్టుంటుంది. ‘ఒబతుమా’, ‘ఒబతుమియ’ అనేవి అధికారులకూ సభల్లో పెద్దలకూ. ‘ఒయా’ స్నేహితులకు బాగుంటుంది, అమ్మ వయసు ఆవిడకు చనువెక్కువ. ‘ఉఁబ’ జోలికి అసలు పోవద్దు. పెద్దవాళ్ళ దగ్గర సింహళీయులు చేసే పని సులువైనది: సర్వనామం మానేసి వరసనే వాడతారు. ‘మీకు’ అనాల్సిన చోట ‘అమ్మకు’ అంటారు.

ఈ వరసల్లో తెలుగువాళ్ళకు రెండు చిక్కులున్నాయి. ‘తాత్తా’ అంటే నాన్న, తాత కాదు. తాతను ‘సీయా’ అంటారు. ‘అయ్యా’ అంటే అన్నయ్య. ఆ ఇంటి పెద్దాయనను గౌరవం కోసం ‘అయ్యా’ అన్నారో, మీకు అన్నను చేసినట్టే. ‘అమ్మా’, ‘అక్కా’ మాత్రం మనవే. నేరుగా పిలిచేటప్పుడు చివర ఏకారం వస్తుంది: అమ్మే, తాత్తే, అక్కే.

ఇక ‘అమ్మలా’. తెలుగులో చదివితే ‘అమ్మ లాగా’ అనిపిస్తుంది కానీ, సింహళంలో దాని అర్థం ‘అమ్మావాళ్ళు’. ఇంటిల్లిపాదినీ ఒక్క మాటలో, మర్యాదగా కలుపుకోవచ్చు. దానికి ‘ట’ చేరిస్తే ‘అమ్మలాట’, అంటే అమ్మావాళ్ళకు.

ఈ ‘ట’ చాలా పనికొస్తుంది. మన ‘కు’ లాగా పేరుకు చేరుతుంది, జరిగిపోయిన పనికి చేరితే ‘అందుకు’ అనే అర్థం ఇస్తుంది. బలాగత్తట అంటే ‘చూసుకున్నందుకు’. క్యామ హదలా దున్నట అంటే ‘వండిపెట్టినందుకు’ (‘క్యా’ను బ్యాంక్‌లో ‘బ్యా’లా పలకాలి). ఉదవ్ కళాట అంటే ‘సాయం చేసినందుకు’. వీటి తర్వాత ‘గొడక్ స్తూతియి’ అంటే చాలు, ‘చాలా కృతజ్ఞతలు’. దేనికి కృతజ్ఞతలో చెప్పకుండా ఒట్టి ‘స్తూతియి’ అంటే దుకాణంలో చిల్లర తీసుకుంటున్నట్టుంటుందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మెసేజ్ కూర్చుదాం.

అమ్మే, తాత్తే, అపి హొఁదిన్ గెదర ఆవా.
(అమ్మా, నాన్నా, మేం క్షేమంగా ఇల్లు చేరాం.)

అపివ హొఁదట బలాగత్తట అమ్మలాట గొడక్ స్తూతియి.
(మమ్మల్ని బాగా చూసుకున్నందుకు మీ అందరికీ చాలా కృతజ్ఞతలు.)

అమ్మగె పొల్ సంబోల హరి రసయి.
(అమ్మ చేసే కొబ్బరి సంబోల్ ఎంతో రుచి.)

అపిట అమ్మలావ మతక్ వెనవా.
(మీరంతా మాకు గుర్తొస్తున్నారు.)

అమ్మలాత్ అపే గెదర ఎన్న.
(మీరు కూడా మా ఇంటికి రండి.)

తెరువన్ సరణయి.

‘హొఁద’లో నేను అరసున్న ఊరికే పెట్టలేదు. అక్కడ ‘న’కారం సగమే పలుకుతుంది. ‘హొంద’ అని నిండుగా నొక్కితే పరాయి యాస తెలిసిపోతుంది. ‘హొఁదిన్’ క్షేమంగా, ‘హొఁదట’ బాగా. ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకోండి.

మూడో వాక్యం మీ సొంతం కావాలి. కొబ్బరిపాలతో వండే అన్నం, కిరిబత్ నచ్చితే ‘అమ్మగె కిరిబత్ హరి రసయి’ అనండి. ‘క్యామ హరి రసయి’ (భోజనం ఎంతో రుచి) తప్పేం కాదు గానీ, వంటకం పేరు చెబితే ఆవిడకు ఎక్కువ నచ్చుతుంది.

‘ఎన్న’ మర్యాదైన ‘రండి’. ‘వరెన్’ అనే రూపం కూడా మీ చెవిన పడుతుంది. అది ‘రారా’ స్థాయి మాట, పెద్దవాళ్ళతో వాడకూడదు.

చివరి ‘తెరువన్ సరణయి’ అంటే త్రిరత్నాల, అంటే బుద్ధుడు, ధర్మం, సంఘం వీటి రక్ష మీకుండాలని. బౌద్ధుల ఇంటికే ఇది సరిపోతుంది. కాథలిక్ కుటుంబమైతే దీన్ని వదిలేసి ‘ఎన్న’తోనే ఆపేయండి. ‘ఆయుబోవన్’ కూడా అనొచ్చు గానీ, తమ ఇంట్లో పడుకుని తిన్న మనిషి నుంచి వస్తే కాస్త లాంఛనంగా ఉంటుంది.

జవాబులో ‘ఆయెత్ ఎన్న’ వినిపిస్తే ‘మళ్ళీ రండి’ అన్నారని.

అభ్యాసం: ఇదే మెసేజ్‌ను అక్క వరసైన ఆవిడకు, సాయం చేసినందుకు కృతజ్ఞతగా మార్చండి. ‘అమ్మలాట’ బదులు ‘అక్కలాట’ వస్తుంది. వచ్చే పాఠంలో ఫోన్ సంభాషణ.