కన్సల్టెంట్లు కేస్ స్టడీ క్యారౌసెల్ ఎలా చేయాలి? సమస్య నుంచి ఫలితం దాకా ఆరు స్లైడ్లలో

లింక్డ్‌ఇన్‌లో కన్సల్టెంట్లు పెట్టే కేస్ స్టడీ క్యారౌసెల్స్ చాలావరకు ఒకేలా ఉంటాయి. మొదటి స్లైడ్‌లో క్లయింట్‌కి ఏదో ఇబ్బంది ఉందంటారు, మధ్యలో నాలుగు స్లైడ్లు తమ పద్ధతికి ఉన్న పేర్లు చెబుతారు, చివర్లో "40 శాతం మెరుగుదల" అని రాస్తారు. దేంట్లో 40 శాతమో, ఎప్పటినుంచి ఎప్పటికో ఎక్కడా ఉండదు. చదివేది ఒక కంపెనీ ఓనరైతే ఆయనకి కావాల్సిన మాట ఒక్కటీ దొరకదు. నా దృష్టిలో దీనికి మందు ఒక్కటే, ఒక కొలతని ఎంచుకుని మొదటి స్లైడ్ నుంచి చివరి స్లైడ్ దాకా దాన్నే నడిపించడం. అది ఎలాగో ఒక ఉదాహరణతో చెప్తాను. అంకెలన్నీ లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను ఊహించి పెట్టినవే, కానీ ఇలాంటి కేసు వసూళ్ల మీద పనిచేసే ఎవరికైనా తగిలేదే.

క్లయింట్ ఒక చిన్న పీవీసీ పైపుల తయారీ యూనిట్ అనుకోండి. డీలర్లకి అప్పు మీద సరుకు ఇస్తారు. నెలకి సుమారు 1.2 కోట్ల అమ్మకం, బయట ఉన్న బాకీ 2.4 కోట్లు. ఒప్పుకున్న గడువు 30 రోజులే అయినా డబ్బు చేతికి రావడానికి సగటున 60 రోజులు పడుతోంది, జీతాల టైముకి ఓవర్‌డ్రాఫ్ట్ వాడాల్సి వస్తోంది. మీరు వెళ్లి పనిచేశాక బాకీ 1.8 కోట్లకి దిగింది.

మొదట రాయాల్సింది ఫలితం స్లైడ్

స్లైడ్లు వరసగా ఒకటి, రెండు, మూడు అని రాసుకుంటూ పోవద్దు. ముందు ఐదో స్లైడ్, అంటే ఫలితం రాయండి, ఎందుకంటే అక్కడ నిలబడే అంకె ఏదో తేలితేనే సమస్యని ఏ కొలతలో చెప్పాలో తెలుస్తుంది. మన కేసులో కొలత రోజులు. లెక్క ఇంతే:

```
బాకీ ÷ నెల అమ్మకం × 30 = వసూలుకి పట్టే రోజులు
2.4 ÷ 1.2 × 30 = 60
1.8 ÷ 1.2 × 30 = 45
```

చూడ్డానికి తేలికే, కానీ ఈ మూడు లైన్లలోనే ఎక్కువమంది దొరికిపోతారు. బాకీలో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకం అంకె మాత్రం లాభనష్టాల ఖాతాలోంచి తీస్తే అందులో జీఎస్టీ ఉండదు. 18 శాతం పన్ను ఉన్న సరుకైతే 1.2 కోట్లు కాస్తా 1.02 కోట్ల దగ్గరికి వచ్చి, అసలు 60 ఉన్న రోజులు 71 దాకా చూపిస్తాయి. ముందు అంకె ఒక రకంగా, తర్వాత అంకె ఇంకో రకంగా తీశారంటే మీరేమీ చేయకపోయినా పదకొండు రోజుల మెరుగుదల కాగితం మీద పుట్టేస్తుంది. కాబట్టి రెండింట్లోనూ పన్ను కలిపే తీయండి, లేదా రెండింట్లోనూ తీసేయండి.

నెల ఎంపిక కూడా అంతే ముఖ్యం. వ్యవసాయ పైపుల అమ్మకాలు ఎండాకాలంలో పెరిగి వానలు పడ్డాక తగ్గుతాయి. అమ్మకం పడిపోయిన నెలని తీసుకుంటే కింద అంకె చిన్నదై రోజులు వాటంతటవే పెరిగిపోతాయి. మార్చి ఆఖర్లో అందరూ గట్టిగా వసూలు చేస్తారు కాబట్టి ఆ రోజు బాకీ తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఒక తేదీని ఇంకో తేదీతో పోల్చకుండా, మూడు నెలల సగటుని నిరుటి అవే మూడు నెలల సగటుతో పోల్చండి.

ఇంకొకటి, దీన్ని దాదాపు ఎవరూ చెప్పరు. బాకీ 60 లక్షలు తగ్గిందంటే 60 లక్షలు బ్యాంకులో పడ్డాయని కాదు. రానిబాకీగా కొట్టేసినా బాకీ తగ్గుతుంది, బిల్లులో కొంత తగ్గిస్తూ డీలర్‌కి క్రెడిట్ నోట్ ఇచ్చినా తగ్గుతుంది. మన కేసులో కొట్టేసిన బాకీలేమీ లేవు, క్రెడిట్ నోట్లు మాత్రం 6 లక్షలు ఇచ్చారనుకుందాం. అప్పుడు చేతికొచ్చింది 54 లక్షలు. స్లైడ్ మీద ఈ 54నే రాయండి. అంకె కాస్త చిన్నదైనా, అకౌంట్స్ తెలిసినవాడు చూసి ప్రశ్న వేస్తే నిలబడేది అదే.

అప్పుడు ఐదో స్లైడ్ ఇలా ఉంటుంది: "60 రోజుల నుంచి 45 రోజులకి. చేతికొచ్చిన నగదు 54 లక్షలు." దాని కింద చిన్న అక్షరాల్లో ఒక లైన్: "పన్ను కలిపి, మూడు నెలల సగటు, నిరుటి అవే నెలలతో పోల్చి." ఆ చిన్న లైన్ని దయచేసి తీసేయొద్దు, నమ్మకం కుదిరేది అక్కడే.

ఇప్పుడు సమస్య, అదే కొలతలో

ఫలితం రోజుల్లో చెప్పారు కాబట్టి సమస్యనీ రోజుల్లోనే చెప్పాలి. "వసూళ్ల వ్యవస్థ సరిగా లేదు" అని రాస్తే దానికి 45 రోజులు జవాబు కాదు. రెండో స్లైడ్: "ఒప్పుకున్న గడువు 30 రోజులు. డబ్బు వస్తున్నది 60 రోజులకి. బయట ఆగిన మొత్తం 2.4 కోట్లు." అంతే, ఇంకేం వద్దు.

మొదటి స్లైడ్, అంటే కవర్, ఓనర్ తన నోటితో అనుకునే మాటగా ఉండాలి. "నెలకి 1.2 కోట్ల అమ్మకం ఉన్నా జీతాలకి ఓవర్‌డ్రాఫ్ట్ ఎందుకు?" అని రాస్తే అదే ఇబ్బందిలో ఉన్నవాడు ఆగి చూస్తాడు. "వర్కింగ్ క్యాపిటల్ ఆప్టిమైజేషన్" అని రాస్తే తోటి కన్సల్టెంట్లే ఆగుతారు. ఫలితం అంకెని కవర్ మీద వేయాలా వద్దా అంటే, నేనైతే వేయను. అది ముందే తెలిసిపోతే మధ్యలో మీరు ఎలా ఆలోచించారో చూడాల్సిన పని చదివేవాళ్లకి ఉండదు.

మధ్య రెండు స్లైడ్లకే ఎక్కువ టైమ్ పెట్టండి

పద్ధతి అనగానే "పరిశీలన, విశ్లేషణ, అమలు" అని మూడు బాణాలు గీసేస్తారు. అది ఏ కన్సల్టెంట్‌కైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ పనికిరాదు. దాని బదులు మూడో స్లైడ్‌లో అందరూ ఏమనుకున్నారో, మీకు ఏం దొరికిందో పక్కపక్కన పెట్టండి.

మన యూనిట్‌లో అందరి నమ్మకం ఏంటంటే, డీలర్లు కావాలనే డబ్బు ఆపుతున్నారని. ఏ బిల్లు ఎన్ని రోజులుగా ఆగి ఉందో చూపే బకాయిల ఏజింగ్ రిపోర్ట్‌ని టాలీలోంచి తీసి, 30 రోజులు దాటిన 1.2 కోట్లలో ఒక్కో బిల్లు ఎందుకు ఆగిందో డీలర్లకి ఫోన్ చేసి అడిగి రాసుకుంటే ఇంకోటి తేలింది. అందులో 70 లక్షల బిల్లులు తగాదాలో ఉన్నాయి. రేటు తేడా, పగిలిన పైపులు, తక్కువ దిగిన కట్టలు, ఇలాంటివి. డీలర్ ఒక్క కట్ట కోసం మొత్తం బిల్లు ఆపి కూర్చున్నాడు, సేల్స్ అబ్బాయికి చెప్పాడు కూడా, కానీ ఆ మాట ఆఫీసుకి చేరలేదు. స్లైడ్ మీదికి వచ్చేది మాత్రం రెండు లైన్లే: "అనుకున్నది: డీలర్లు డబ్బు ఆపుతున్నారు. దొరికింది: గడువు దాటిన 1.2 కోట్లలో 70 లక్షలు తేడా తేలని బిల్లులు."

నాలుగో స్లైడ్‌లో చేసిన పని. బిల్లు లారీతో పాటే వెళ్లేలా మార్చారు, తేడా ఉందని డీలర్ చెబితే 3 రోజుల్లో క్రెడిట్ నోట్ ఇవ్వడమో కుదరదని చెప్పడమో చేసేలా ఒక మనిషిని పెట్టారు. ఇదే స్లైడ్‌లో చేయని పని ఒకటి కూడా రాయండి: "అప్పు గడువు తగ్గించలేదు, క్యాష్ డిస్కౌంట్ ఇవ్వలేదు." ఎందుకంటే చదివే ఓనర్‌కి వచ్చే మొదటి అనుమానం అదే, గడువు బిగిస్తే డీలర్ పక్క కంపెనీకి పోతాడని. ఆ అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది.

ఆరో స్లైడ్: ఇది ఎక్కడ పనిచేయదు

చాలామంది ఇక్కడ ఫోటో, ఫోన్ నంబర్ పెట్టి ముగిస్తారు. అవి ఉండనివ్వండి, కానీ పైన ఒక హద్దు చెప్పండి. "బాకీలో ఎక్కువ భాగం ఇద్దరు ముగ్గురు పెద్ద కొనుగోలుదారుల దగ్గరే ఉంటే ఈ పద్ధతి సరిపోదు." దీనివల్ల మీకు పనికిరాని ఫోన్లు తగ్గుతాయి. ఫలితానికి వేరే కారణం కూడా ఉంటే అదీ చెప్పాలి. ఉదాహరణకి, చిన్న తయారీదారులకి గరిష్ఠంగా 45 రోజుల్లోపు డబ్బు కట్టకపోతే కొన్నవాళ్లకి ఆ ఖర్చు పన్ను లెక్కలో తగ్గేది డబ్బు కట్టిన ఏడాదిలోనే అనే నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి వర్తిస్తోంది. మీ ముందు అంకె దానికి మునుపటిది, తర్వాత అంకె దాని తర్వాతది అయితే ఘనతంతా మీదే అనుకోవడం కుదరదు. తగాదా బిల్లులు ఎంత కరిగాయో విడిగా చూపిస్తే మీ వాటా ఎంతో తేలుతుంది.

క్లయింట్ అనుమతి

"మన పని గురించి ఓ పోస్ట్ పెట్టనా?" అని అడిగితే మొహమాటానికి సరే అంటారు, చూశాక కంగారు పడతారు. పూర్తయిన ఫైల్‌ని పంపి, రాతపూర్వకంగా సరే అనిపించుకోండి, వాట్సాప్‌లో ఒక్క లైనైనా చాలు. రూపాయలు బయటపెట్టడం వాళ్లకి ఇష్టం లేకపోతే రోజుల లెక్క ఉంచి రూపాయలు తీసేయండి, కథ చెడదు. పేరు తీసేసినంత మాత్రాన గుర్తు పట్టరనుకోవద్దు. పారిశ్రామికవాడ పేరు, సరుకు, అమ్మకం మూడూ కలిస్తే ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. మూడింట్లో ఒకటైనా మసకగా ఉంచండి.

తయారీ, అప్‌లోడ్

గూగుల్ స్లైడ్స్‌లో పేజ్ సెటప్‌లోకి వెళ్లి కస్టమ్‌లో 1080×1350 పిక్సెళ్లు పెట్టండి, నిలువుగా ఉండటం వల్ల ఫోన్‌లో ఎక్కువ చోటు దొరుకుతుంది. ఆ సైజులో 28 పాయింట్ల అక్షరం ఫోన్‌లోకి వచ్చేసరికి సగం కంటే చిన్నదవుతుంది కాబట్టి అంతకన్నా కిందకి దిగొద్దు, కొలత చెప్పే ఆ చిన్న లైన్‌తో సహా. తర్వాత పీడీఎఫ్‌గా దించి, లింక్డ్‌ఇన్‌లో డాక్యుమెంట్‌గా పెట్టాలి.

ఏజింగ్ రిపోర్ట్ ముక్క చూపించాలనిపిస్తే డీలర్ల పేర్ల మీద నల్ల డబ్బా గీసి వదిలేయొద్దు. పీడీఎఫ్‌లో ఆ డబ్బా కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరే చోట అతికిస్తే పేర్లన్నీ బయటపడతాయి, పైగా చూసేవాళ్లు ఆ ఫైల్‌ని దించుకోగలరు. ఆ పట్టికని ఊరి పేర్లు, డీలర్ల పేర్లు లేకుండా కొత్తగా టైప్ చేసుకోండి. ఫైల్ ప్రాపర్టీస్‌లో క్లయింట్ పేరు ఉండిపోయిందేమో కూడా చూడండి.

పోస్ట్ చేశాక రాతని మార్చుకోవచ్చు గానీ ఫైల్‌ని మార్చలేరు. తప్పు కనిపిస్తే పోస్టే తీసేసి మళ్లీ పెట్టుకోవాలి, వచ్చిన కామెంట్లు దాంతో పాటే పోతాయి. అందుకని పెట్టేముందు లెక్క తెలిసిన ఒకరికి పంపి, "ఈ 54 లక్షలు ఎలా వచ్చాయో స్లైడ్లు చూసి చెప్పు" అని అడగండి. చెప్పలేకపోతే క్రెడిట్ నోట్ల 6 లక్షల సంగతి ఐదో స్లైడ్‌లోని చిన్న లైన్‌లో కలపండి.